కేఎఫ్‌ఎస్‌లో లేని ఫోర్‌క్లోజర్ చార్జీపై అభ్యంతరం: దరఖాస్తు విధానం

బెంగళూరులో పర్సనల్ లోన్ తీసుకున్న మనవాళ్లు దాన్ని ముందుగా తీర్చేయడానికి బ్రాంచికి వెళ్లినప్పుడు, ముందే తీర్చేస్తున్నందుకు వేసే ఫోర్‌క్లోజర్ చార్జీ అని ఎప్పుడూ వినని మొత్తం ఒకటి స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. అది మాఫీ చేయిస్తామంటూ కమీషన్ అడిగే ఏజెంట్లూ అక్కడే ఉంటారు. ఆ చార్జీపై అభ్యంతరం తెలిపే అర్జీకి ఏజెంటు అవసరం లేదు.

ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు, శాంక్షన్ లెటరు, లోన్ అగ్రిమెంటు ఈమెయిల్‌లో అడిగి తీసుకోవచ్చు. చాలామంది చూడకుండా వదిలేసేది లోను వడ్డీ, చార్జీలన్నీ ఒకచోట చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే కేఎఫ్‌ఎస్. ఓటీపీతో సంతకం చేసిన అగ్రిమెంటు పీడీఎఫ్‌లోనే అది తరచుగా కలిసి ఉంటుంది. 2024 అక్టోబర్ 1 నుండి మంజూరైన రిటైల్ టర్మ్ లోన్లకు రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15 నాటి సర్క్యులర్‌తో తెచ్చిన నియమం వర్తిస్తుంది. కేఎఫ్‌ఎస్‌లో లేని చార్జీని రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా ఏ దశలోనూ వసూలు చేయరాదని అందులో ఉంది.

ఉదాహరణకు, ఫిక్స్‌డ్ వడ్డీ లోనులో రూ.3,60,000 అసలు మిగిలి ఉండగా 4 శాతం చొప్పున రూ.14,400, దానిపై జీఎస్టీ రూ.2,592, మొత్తం రూ.16,992 అదనంగా అడిగారనుకుందాం. కేఎఫ్‌ఎస్‌లో కొన్ని సందర్భాల్లో మాత్రమే పడే కంటింజెంట్ చార్జీల భాగంలో ఫోర్‌క్లోజర్ వరుస ఖాళీగా ఉంటే అర్జీకి ఆధారం అదే. అగ్రిమెంటులో ‘చార్జీలు సంస్థ విధానం ప్రకారం’ అన్న క్లాజు ఉందని వారు చూపిస్తే, ఆ క్లాజు నంబరునే ఉటంకించి, అందులో రేటు గానీ మొత్తం గానీ లేవని, దాన్ని ఈ చార్జీకి ఇచ్చిన స్పష్టమైన సమ్మతిగా తీసుకోవడానికి వీల్లేదని రాయాలి.

అర్జీదారులు తడబడేది కోరిక రాసే దగ్గర. ‘దయచేసి మాఫీ చేయండి’ అని మాత్రమే రాస్తే చార్జీ న్యాయమైనదేనని ఒప్పుకున్నట్టు చదువుకునే అవకాశం ఉంది. ఈ చార్జీ చెల్లదు కాబట్టి స్టేట్‌మెంటు నుండి తొలగించి సవరించినది ఇవ్వాలని మొదట అడిగి, అందుకు అంగీకరించని పక్షంలో కారణాన్ని క్లాజుతో సహా రాతపూర్వకంగా తెలిపి, పూర్తి మాఫీ అభ్యర్థననైనా పరిశీలించాలని తర్వాత అడగడం మంచిది. కేఎఫ్‌ఎస్‌లో 4 శాతం అని ఉంటే మాత్రం మొదటి కోరిక నిలవదు. మాఫీ వారి ఇష్టం.

జవాబు కోసం లోను తెరిచే ఉంచితే వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల అభ్యంతరంతోనే చెల్లిస్తున్నామని ముందుగా ఈమెయిల్ పంపి కట్టేయవచ్చు; ఇకపై ఎలాంటి వివాదం లేదనే కాగితంపై మాత్రం సంతకం చేయవద్దు. బాకీలో కొంత తగ్గించుకుని ‘సెటిల్‌మెంట్ చేసుకోండి’ అన్న సలహా అసలే వద్దు, ఎందుకంటే క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’కు బదులు ‘సెటిల్డ్’ అని పడితే తర్వాతి లోనుకు అడ్డం వస్తుంది.

అర్జీని బ్రాంచికి కాక సంస్థ ఫిర్యాదుల అధికారికి పంపి నంబరు తీసుకోవాలి. తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబు రాకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కేఎఫ్‌ఎస్ పేజీని, ఫిర్యాదు నంబరు ఉన్న ఈమెయిల్‌ను జతచేయాలి.