బిల్లు పంచుకుంటే లెక్క తేలడం లేదా? ఎంత తగ్గిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది

మొన్న ఆదివారం రాత్రి హైదరాబాద్‌లో మేం నలుగురం కలిసి భోంచేశాం. బిల్లు నేను కట్టాను. ఇంటికొచ్చాక ముగ్గురూ ఫోన్‌పే చేశారు. నా వాటా కూడా కలిపి చూస్తే బిల్లుకి 11 రూపాయలు తక్కువ. 11 రూపాయలకి ఎవరూ గొడవ పడరు, నిజమే. కానీ ఎవరికి వాళ్లు లెక్క సరిగ్గానే వేశామన్నారు, ఆ 11 ఎక్కడికి పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. కూర్చుని చూశాక అర్థమైంది: ఎంత తగ్గిందన్న అంకెలోనే ఎక్కడ తప్పు చేశామన్నది ఉంటుంది. ఆ బిల్లు పట్టుకునే చెప్తాను.

వేణు మటన్ బిరియాని, లైమ్ సోడా తీసుకున్నాడు, 540. అఖిల వెజ్ పులావు, 280. సాదిక్ కబాబ్, చికెన్ బిరియాని, 680. నావి 400. చివర్లో అందరికీ కలిపి ఒక ఖుబానీ కా మీఠా, 300. వేణుకి షుగర్ ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు, మిగతా ముగ్గురం తిన్నాం. మొత్తం 2,200. దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్ 220. ఆ రెండూ కలిపిన 2,420 మీద 5 శాతం జీఎస్టీ 121, బిల్లులో సీజీఎస్టీ 60.50, ఎస్‌జీఎస్టీ 60.50 అని రెండు ముక్కలుగా ఉంటుంది. ఆఖరి లైను 2,541.

సమస్య: వచ్చిన డబ్బు బిల్లు కంటే తక్కువ

మాకు తగ్గింది 11. కారణం ఇది. అందరూ సర్వీస్ ఛార్జ్ 10, జీఎస్టీ 5, కలిపితే 15 శాతం అనుకుని తమ తిండి ఖర్చు మీద 15 శాతం వేసుకున్నారు. 2,200 మీద 15 శాతం వేస్తే 2,530 వస్తుంది. కానీ రెస్టారెంట్ జీఎస్టీ వేసేది తిండి మీద మాత్రమే కాదు, సర్వీస్ ఛార్జ్ మీద కూడా. 220 మీద 5 శాతం అంటే సరిగ్గా 11. తగ్గింది అదే. మీ లోటు కూడా సర్వీస్ ఛార్జ్‌లో 5 శాతానికి సమానంగా ఉంటే, శాతాలు రెండూ కూడేశారన్నమాట.

లోటు 121 అయితే జీఎస్టీ మొత్తం మర్చిపోయారు. 231 అయితే సర్వీస్ ఛార్జ్ లైను ఎవరూ చూడలేదు, 220తో పాటు దాని మీద జీఎస్టీ 11 కూడా పోయింది. లోటు 341 అయితే అందరూ మెనూ ధరలే పంపారు. మధ్యలో లేచి వెళ్లే వాళ్లు సాధారణంగా చేసేది ఇదే. "నా పులావు 280" అని 280 చేతిలో పెట్టి వెళ్తారు. పాపం వాళ్ల తప్పు కాదు, అప్పటికి బిల్లు రాలేదు కదా. అలాంటప్పుడు 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేసే చోటైతే మెనూ ధరకి ఇంకో పదహారు శాతం కలిపి ఇవ్వమనండి, అటూ ఇటూగా సరిపోతుంది.

ఇక్కడ ఒక చోట మాత్రం జాగ్రత్తగా చూడాలి. లోటు 346.50 వచ్చిందనుకోండి. 341కి దగ్గరగా ఉంది కాబట్టి ఛార్జీలు మర్చిపోయామనుకుంటాం. కాదు. ఛార్జీలు అందరూ వేశారు, ఖుబానీని మాత్రం ఎవరూ తమ లెక్కలో పెట్టుకోలేదు. 300కి ఛార్జీలు, జీఎస్టీ కలిస్తే 346.50 అవుతుంది. తేడా పట్టుకోవడం తేలిక: ఎవరైనా ఒకరు పంపిన మొత్తం చూడండి. అఖిల తన పులావు 280కి స్వీట్ వాటా వంద కలిపి సరిగ్గా 380 పంపితే ఛార్జీలు పోయాయి. 323.40 పంపితే స్వీట్ పోయింది.

ఈ స్వీట్ దగ్గరే ఇంకో తప్పు జరుగుతుంది. తిన్న ముగ్గురూ "నలుగురం ఉన్నాం కదా" అని 75 చొప్పున వేసుకున్నారు, వేణు "నేను తినలేదు కదా" అని ఏమీ వేసుకోలేదు. అప్పుడు లోటు సుమారు 86.60. ఇద్దరి మాటా విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది, కలిపితే స్వీట్‌లో ఒక పావు భాగం ఎవరి ఖాతాలోనూ పడదు.

పరిష్కారం: ముందు స్వీట్ పంచండి, తర్వాతే ఛార్జీలు

శాతాల జోలికే పోవద్దు. బిల్లులో ఆఖరి లైనుని, తిండి మొత్తంతో భాగించండి. మా బిల్లుకి 2,541 ÷ 2,200 = 1.155. అంటే మెనూలో రూపాయి అని రాసిన తిండికి మేం చివరికి రూపాయి పదిహేనున్నర పైసలు కట్టాం. మేం దాన్ని రూపాయి ధర అంటున్నాం. సర్వీస్ ఛార్జ్ ఎంత శాతమో, జీఎస్టీ దేని మీద వేశారో, పైసల రౌండాఫ్ ఎంతో, అన్నీ అందులోకి వచ్చేస్తాయి. గది అద్దె రోజుకి 7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం ఉంటుంది, అక్కడైనా లెక్క ఇదే.

ఇప్పుడు స్వీట్‌ని తిన్నవాళ్ల మధ్యే, మెనూ ధరకే పంచండి. 300ని ముగ్గురికి పంచితే తలా వంద. అఖిలకి 280 కాస్తా 380 అయింది, సాదిక్‌కి 780, నాకు 500. వేణుది 540గానే ఉంటుంది. ఈ నాలుగూ కూడితే 2,200 రావాలి. రాకపోతే అక్కడే ఆగండి, ముందుకు పోతే ఏ తప్పూ దొరకదు. వచ్చాక ఒక్కోదాన్నీ 1.155తో గుణించండి:

```
వేణు    540 × 1.155 = 623.70
అఖిల   380 × 1.155 = 438.90
సాదిక్   780 × 1.155 = 900.90
నేను    500 × 1.155 = 577.50
మొత్తం               2541.00
```

రూపాయలకి సర్దితే వాళ్లు ముగ్గురూ 624, 439, 901 పంపాలి. మిగిలిన 577 నాది. పైసల తేడా ఎప్పుడూ బిల్లు కట్టినవాళ్ల వాటాలోనే సర్దుకోవాలి. నలుగురూ ఎవరికి వాళ్లు పైకి సర్దుకుంటే మొత్తం 2,542 అయి మళ్లీ లెక్క తప్పుతుంది.

వేణు ఒక స్పూను రుచి చూసి ఉంటే? ఒక స్పూనుకి వాటా వేయడం నాకు ఇష్టం ఉండదు. వాటా ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే లేదు. ఆ మాట ఆర్డర్ ఇచ్చేటప్పుడే అనుకోవాలి. గిన్నె ఖాళీ అయ్యాక అడిగితే ఎవరికైనా మొహమాటమే.

సమస్య: మొత్తం సరిపోయింది, కానీ ఒకరి మనసు నొచ్చుకుంది

ఇది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే లెక్క తప్పిందని చూపించడానికి లోటు ఉండదు. తిండి ఎవరిది వాళ్లే వేసుకుని, ఛార్జీలు 341ని మాత్రం "నలుగురికీ సమానం" అని పంచితే తలా 85.25. మొత్తం 2,541 సరిపోతుంది. కానీ అఖిల 465.25 కడుతుంది, అంటే తన న్యాయమైన వాటా కంటే 26 రూపాయలు ఎక్కువ. సాదిక్ 35 రూపాయలకి పైగా తక్కువ కడతాడు. సర్వీస్ ఛార్జ్, జీఎస్టీ రెండూ ధరని బట్టి పెరిగేవి, మనిషికి ఇంతని వేసేవి కావు. అందుకే వాటిని తల లెక్కన పంచకూడదు.

ఇక బిల్లు మొత్తాన్నీ నాలుగుతో భాగిస్తే తలా 635.25. పులావు తిన్న అఖిలకి 196 రూపాయలు ఎక్కువ పడుతుంది, సాదిక్‌కి 265 మిగులుతుంది. శాకాహారులు, మందు ముట్టనివాళ్లు, తక్కువ తినేవాళ్లు ప్రతిసారీ ఇలా కడుతూనే ఉంటారు, పైకి మాత్రం అనరు. మా అఖిల రెండేళ్లు అనలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సమస్య: సర్వీస్ ఛార్జ్ తీయించాక లెక్క మళ్లీ తేడా వచ్చింది

సర్వీస్ ఛార్జ్ తప్పనిసరి కాదు. దాన్ని రెస్టారెంట్లు బిల్లులో వాటంతట అవే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడగొచ్చు, ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

అయితే తీయించినప్పుడు కొత్త బిల్లు ప్రింట్ అడగండి. నాకు ఇంకోచోట ఒకసారి ఇదే జరిగింది: పాత బిల్లు మీదే పెన్నుతో సర్వీస్ ఛార్జ్ కొట్టేసి, జీఎస్టీ మాత్రం పాతదే ఉంచారు. మా బిల్లులో అలా చేస్తే 2,321 అవుతుంది. నిజానికి జీఎస్టీ 2,200 మీదే పడాలి, అంటే 110, మొత్తం 2,310. అదే 11 రూపాయలు ఈసారి మన జేబులోంచి పోతాయి. కొత్త బిల్లుకి రూపాయి ధర 1.05. వేణు 567, అఖిల 399, సాదిక్ 819, నేను 525.

వడ్డించిన అబ్బాయికి ఏమైనా ఇవ్వాలనుకుంటే అది వేరుగా, చేతికే ఇవ్వండి, దాన్ని ఈ లెక్కలో కలపకండి. నలుగురిలో ఒకరికి ఇవ్వాలని లేకపోయినా ఇబ్బంది ఉండదు.

ఈ పద్ధతి పనిచేయని చోటు

బిల్లులో అన్నిటి మీదా ఒకే పన్ను ఉంటేనే ఒకే రూపాయి ధర కుదురుతుంది. మద్యం జీఎస్టీ కిందికి రాదు. బీరు, బిరియాని ఒకే మొత్తంలో కలిపి భాగిస్తే తిండి మీది జీఎస్టీ భారం కాస్త బీరు తాగినవాళ్ల మీద పడుతుంది. బార్ బిల్లు విడిగా ఇమ్మనండి, దాన్ని తాగినవాళ్లే పంచుకోండి. తిండి బిల్లుకి మాత్రం పైన చెప్పినట్టు చేయండి.

కూపన్ బిల్లు మొత్తం మీద తగ్గిస్తే భయం లేదు, చివరికి కట్టిన డబ్బునే తిండి మొత్తంతో భాగిస్తారు కాబట్టి తగ్గింపు అందరికీ వాళ్ల వాటా ప్రకారం చేరుతుంది. ఖుబానీ ఉచితం అని ఇచ్చారంటే మాత్రం ముందే దాని ధర సున్నా అని రాసుకుని, మిగిలిన 1,900తోనే భాగించాలి. లేకపోతే తినని వేణుకి కూడా ఆ తగ్గింపులో భాగం వెళ్లిపోతుంది.