గ్రాట్యుటీ ప్రొవిజన్ 1,80,000 ఎక్కువ చూపిస్తే

పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్క. మార్చి 31కి గ్రాట్యుటీ బాధ్యత 5,70,000 అని తేలింది, లెడ్జర్‌లో మాత్రం ప్రొవిజన్ 7,50,000 ఉంది.

ఆ ఏడాది ఒకరు రిటైరయ్యారు. చివరి బేసిక్, డీఏ కలిపి 15,600. 20 ఏళ్ల సర్వీసు. 15,600 × 15 ÷ 26 × 20 = 1,80,000 చెల్లించారు. దాన్ని ప్రొవిజన్‌కి కాకుండా ఖర్చుకి డెబిట్ చేశారు. తప్పంతా అక్కడే.

ముందు ఆ ఎంట్రీ సరిచేశాను: ప్రొవిజన్ డెబిట్, గ్రాట్యుటీ ఖర్చు క్రెడిట్, 1,80,000. ఓపెనింగ్ 6,00,000లో ఇది పోతే 4,20,000. కావలసింది 5,70,000 కాబట్టి టాప్-అప్ 1,50,000. అది ముందే వేసి ఉంది, మళ్లీ ముట్టుకోలేదు.

లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌కీ ఇదే పద్ధతి, కానీ లెడ్జర్ వేరే ఉండాలి. మిగిలిన సెలవుల్ని ఏప్రిల్ పెంపు తర్వాత వచ్చే కొత్త జీతంతో గుణించాలి.