బిడ్డ పుట్టకముందే ఇంటి ఖర్చు లెక్క వేసుకోవడం ఎలా?

మా మరిదిది నల్లగొండలో హార్డ్‌వేర్ షాపులో ఉద్యోగం, జీతం 25,000. తోటికోడలు ఇంట్లోనే మిషన్ కుడుతుంది, నెలకు 9,000 వస్తాయి. ఖర్చులన్నీ పోను 4,500 మిగులుతాయి. నాలుగో నెలలో ఉన్నప్పుడు ఆమె నన్ను అడిగింది: "అక్కా, బిడ్డకు నెలకు నాలుగు వేలు అయితదంటున్నరు. మాకు నాలుగున్నర వేలు మిగులుతున్నయి. సరిపోతయి కదా?"

కాన్పు తర్వాత ఆమె మిషన్ ఆగిపోతుందన్న సంగతే ఆ లెక్కలో లేదు. చాలా ఇళ్లల్లో జరిగే పొరపాటు ఇదే.

మొదట ఆగిపోయే రాబడి రాయండి

కాన్పు తర్వాత తల్లి ఎన్ని నెలలు పని చేయలేదో ముందే అనుకోండి. మా తోటికోడలు ఎనిమిది నెలలు పెట్టుకుంది. ఉద్యోగమైతే జీతంతో కూడిన సెలవు ఎన్ని వారాలో ఇప్పుడే అడిగి కాగితం మీద తీసుకోండి.

తర్వాత నెలనెలా వచ్చేవి

వాళ్లిద్దరితో కూర్చుని ఇలా రాశాం. డైపర్లు రాత్రిపూటకు, బయటికి వెళ్లేటప్పటికి మాత్రమే, రోజుకు మూడు చొప్పున 1,000. పగలంతా పాత నూలు చీరల గుడ్డలే. సబ్బు, నూనె, గుడ్డలు ఉతికే సర్ఫు 600. బాలింతకు పాలు, గుడ్లు, ఆకుకూరలు 1,400. డాక్టరు, మందులు 600. ఆటోలు 400. మొత్తం 4,000. మీ ఊళ్లో ధరలు అడిగి మీ అంకెలు వేసుకోండి. డైపర్లు చౌకగా వస్తున్నాయని మొదటి సైజువి పెట్టెలకొద్దీ కొనకండి, వారాల్లోనే బిగుతైపోతాయి.

డబ్బా పాలు ఈ లెక్కలో లేవు. తల్లిపాలు సరిపోక, డాక్టరు చెప్పి మొదలుపెడితే, పూర్తిగా వాటి మీదే ఉన్న మూడు నెలల బిడ్డకు 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకు మించి రాదు. అంటే నెలకు ఏడెనిమిది డబ్బాలు. డబ్బా 450 అనుకున్నా మూడు వేలు దాటుతుంది. ఆ సొమ్ము పక్కన వేరుగా ఉండాలి.

ఇప్పుడు పాత ఖర్చు పక్కన పెట్టి చూడండి

వాళ్ల పాత ఖర్చు 29,500: కిరాయి 6,000, సరుకులు, కూరగాయలు 8,000, బండి కిస్తీ 3,500, పెట్రోలు 2,500, ఫోన్లు, కరెంటు, గ్యాస్ 2,500, అత్తమామలకు 2,000, చిట్టి 5,000. బిడ్డ ఖర్చు కలిపితే 33,500. వచ్చేది 25,000 మాత్రమే. నెలకు 8,500 తక్కువ. కాగితం మీద అది చూసి ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

ఇలాంటప్పుడు తిండి తగ్గించాలని చూస్తారు, ముఖ్యంగా బాలింతది. అది మాత్రం ముట్టుకోవద్దు. ముందు కిస్తీలు ఎప్పుడు తీరతాయో చూడండి. బండికి మూడు కిస్తీలే ఉన్నాయి. 20 నెలల చిట్టికి ఐదు మిగిలాయి, రెండూ కాన్పుకు ముందే అయిపోతాయి. ఆ 8,500 తీసేస్తే నెల సరిగ్గా సరిపోతుంది. అందుకే కొత్త చిట్టి వేయకూడదని, ఏదీ వాయిదాల మీద కొనకూడదని ఒప్పుకున్నారు. మీ చిట్టి కాన్పు తర్వాత కూడా నడిచేదైతే, పాట పాడి ముందే ఎత్తుకున్నా మిగతా నెలలు కట్టక తప్పదని గుర్తుంచుకోండి.

ఒక్కసారిగా వచ్చే ఖర్చులకు వేరే కాగితం

నెల లెక్కలో వీటిని కలిపితే ఏదీ తేలదు. చిట్టి డబ్బు కమీషన్ పోను 95,000 చేతికొస్తుంది. దాంతో బంగారం కొందామనుకున్నారు, ఆ ఆలోచన ఆపుకున్నారు. కాన్పు సర్కారు దవాఖానలోనే అనుకున్నారు కాబట్టి రాకపోకలకు, వెంట ఉండేవాళ్ల తిండికి 10,000. తొట్టెల, బట్టలు, దోమతెర 7,000. ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌కు 20,000. చెర్వుగట్టులో పుట్టెంట్రుకలకు 12,000. మొదటి పుట్టినరోజుకు 30,000. మొత్తం 79,000.

ఇందులో 62,000 ఫంక్షన్లవే. బిడ్డ అవసరాల కంటే మన వేడుకలకే ఎక్కువ పోతోందని నేను గట్టిగానే చెప్పాను. చుట్టాలను ఇప్పుడే తగ్గించుకుంటే తర్వాత మాట పడే పని ఉండదు.

ప్రైవేటుకు వెళ్లేవాళ్లు మామూలు కాన్పుకు, ఆపరేషన్‌కు విడివిడిగా ప్యాకేజీ అడగండి. ఇంకో ప్రశ్న తప్పకుండా వేయండి: బిడ్డను కామెర్లకు లైటు కింద పెట్టాల్సి వస్తే, ఐసీయూలో ఉంచాల్సి వస్తే రోజుకు ఎంత? చాలాచోట్ల అది ప్యాకేజీలో ఉండదు.

టీకాలు కూడా అంతే. సర్కారు పట్టికలోనివి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ప్రైవేటులో వేయిస్తే ఆరు, పది, పద్నాలుగు వారాలకు వరుసగా పెద్ద బిల్లులు పడతాయి. అంటే తల్లి రాబడి లేని మొదటి నెలల్లోనే. బిడ్డకు ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు, పేరు రాయించుకోండి.

కాన్పుకు ముందు నెలలు ఎలా వాడాలి

మిగిలే 4,500, బండి కిస్తీ తీరాక దానికి తోడయ్యే 3,500 ఒక వేరే ఖాతాలో వేశారు. స్కానింగులు, మందులు పోను కాన్పునాటికి సుమారు 20,000 జమవుతుంది. డబ్బా పాలో, జ్వరంతో దవాఖానలో చేరడమో వస్తే అది ఉంటుంది. ఫంక్షన్‌కు దాంట్లోంచి తీయకూడదని ఖాతా తోటికోడలి పేరుమీదే తెరిచారు.