పౌర సమాచార అధికారి పనిపాఠాలు – 4: మనది కాని అంశాన్ని కారణంతో బదిలీ చేయడం

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక ఈ పాఠం క్రమాన్ని మార్చుకోవలసి వచ్చింది. మనకు సంబంధించని దరఖాస్తును 5 రోజులు దాటకుండా అసలు కార్యాలయానికి పంపాలని సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(3) చెబుతుందని అక్కడ రాశాను. ఆ 5 రోజుల మాట ఎక్కువమందికి బాగా గుర్తుండిపోయింది గాని, "మనకు సంబంధించని" అన్న మాట జారిపోయింది. ఫలితంగా తమ బీరువాలో ఉన్న కాగితాన్ని సైతం కొందరు పక్క కార్యాలయానికి పంపేశారు. తప్పులో నా వంతు కూడా ఉంది: గడువును ముందు చెప్పి, ఏది బదిలీకి తగినదో తరువాతకు వాయిదా వేశాను. ఇప్పుడు దానితోనే మొదలుపెడదాం.

అభ్యాసంలో ఇచ్చిన ఊహా దరఖాస్తును గుర్తు చేస్తాను. ఒక రైతు తహసీల్దార్ కార్యాలయానికి తన ఊరి చెరువు గురించి నాలుగు అంశాలు అడిగాడు. ఒకటి, చెరువు సర్వే నంబరు, విస్తీర్ణం, కొలతల పటం నకలు. రెండు, ఉపాధి హామీ కింద చెరువు పూడికతీతకు అయిన ఖర్చు, మస్టర్ రోల్ నకళ్లు. మూడు, తూము మరమ్మతుకు వేసిన అంచనా ప్రతి. నాలుగు, చెరువు ఆక్రమణలు తొలగించమని నీటిపారుదల శాఖ ఇంజనీరు తహసీల్దారుకు రాసిన లేఖ, దానిపై తీసుకున్న చర్య.

మొదటి అంశం మనదేనని అందరూ గుర్తించారు. రెండోది ఎంపీడీవో కార్యాలయానిది, మూడోది నీటిపారుదల శాఖ సబ్ డివిజన్ కార్యాలయానిది అని కూడా దాదాపు అందరూ సరిగ్గానే రాశారు. తడబాటంతా నాలుగో దగ్గరే జరిగింది. "లేఖ రాసినది ఇంజనీరు కాబట్టి ఆయనకు బదిలీ చేయడమైనది" అన్నది ఎక్కువమంది జవాబు. కాని ఆ లేఖ వచ్చినది మన తపాలుకు, నంబరు పడినది మన ఇన్వార్డు రిజిస్టరులో, ఉన్నది మన ఫైలులో. చట్టం సమాచార హక్కును నిర్వచించేటప్పుడు (సెక్షన్ 2(జె)) చూసేది సమాచారం ఎవరి వద్ద, ఎవరి అధీనంలో ఉందన్నదే. కాగితాన్ని ఎవరు రాశారన్నది కాదు. పైగా దానిపై తీసుకున్న చర్య ఏమిటో ఇంజనీరుకు ఎలా తెలుస్తుంది? ఆ చర్య తీసుకోవలసినది, తీసుకోనిదీ కూడా మనమే. నాలుగో అంశానికి జవాబు తహసీల్దార్ కార్యాలయమే ఇవ్వాలి.

సెక్షన్ 6(3)లో రెండు సందర్భాలున్నాయి: అడిగిన సమాచారం వేరొక ప్రభుత్వ సంస్థ వద్ద ఉండడం, లేదా విషయం వేరొక సంస్థ విధులతో మరింత దగ్గరి సంబంధం కలిగి ఉండడం. ఈ రెండో సందర్భాన్ని చూపించి నాతో వాదించినవారు ఉన్నారు. నా పద్ధతి చెబుతాను: కాగితం నా ఫైలులో ఉంటే ఇచ్చేస్తాను, లేనిదాన్నే, లేని మేరకే బదిలీ చేస్తాను. చట్టం సైతం దరఖాస్తును గాని, "అందులో తగిన భాగాన్ని" గాని బదిలీ చేయమంటోంది. ఆ "భాగం" అనే మాటను వాడుకోవడం నేర్చుకుంటే సగం గొడవలు పుట్టవు.

మరొక సంగతి తేలికగా చెప్పి వెళతాను. అదే కార్యాలయంలో మరో సెక్షన్ వద్దనో, మీకన్నా పై అధికారి వద్దనో ఉన్న సమాచారానికి 6(3) వర్తించదు. దానికి సెక్షన్ 5(4) ఉంది. ఆ అధికారి సహాయం రాతపూర్వకంగా కోరాలి, ఆయన ఇవ్వకపోతే 5(5) ప్రకారం ఆయననే పౌర సమాచార అధికారిగా భావించి బాధ్యుణ్ణి చేస్తారు. సర్వేయరు టేబుల్ మీద ఉన్న పటం కోసం దరఖాస్తుదారుకు బదిలీ ఉత్తరం రాయనక్కరలేదు.

ఇక నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే లోపం దగ్గరకు వస్తాను. "మీ దరఖాస్తు ఈ కార్యాలయమునకు సంబంధించినది కానందున తదుపరి చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది." ఈ వాక్యం ఎన్ని వందలసార్లు చదివానో లెక్క లేదు, ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఇటువంటివి నేనూ రాశాను. పైకి మర్యాదగా కనిపించే ఈ వాక్యంలో ఒక్క పనికివచ్చే విషయమూ లేదు. ఏ అంశం సంబంధించినది కాదో లేదు. సంబంధిత అధికారి ఎవరో లేదు. ఎందుకు ఆయనే సంబంధితుడో అసలే లేదు. అందుకున్న కార్యాలయంలోని గుమాస్తా దాన్ని చూసి "ఇదీ మాది కాదు" అని మూడో చోటికి పంపుతాడు. అతణ్ణి తప్పుపట్టలేం, ఎందుకంటే అది అతనిదేనని మనం ఎక్కడా చూపించలేదు. దరఖాస్తుదారేమో ఎవరి మీద మొదటి అప్పీలు వేయాలో తెలియక మన మీదే వేస్తాడు.

కారణం సరిగ్గా రాశామో లేదో చూసుకోవడానికి నేనొక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఉత్తరం అందుకున్నవాడు మనల్ని ఫోనులో అడగకుండా ఏ రిజిస్టరు తెరవాలో తెలుసుకోగలగాలి. "పూడికతీత విషయం మీకు సంబంధించినది" అన్నది కారణం కాదు, అది అభిప్రాయం. "ఈ పని ఉపాధి హామీ కింద జరిగినది, దాని మస్టర్ రోళ్లు, ఖర్చు వివరాలు మండల స్థాయిలో మీ కార్యాలయం నిర్వహిస్తుంది, ఈ కార్యాలయంలో వాటి నకళ్లు లేవు" అన్నది కారణం. ఇందులో చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు. మన దగ్గర వెతికాము, లేదు అని చెప్పే వాక్యం అది. అది లేకపోతే బదిలీ తప్పించుకోవడంలా కనిపిస్తుంది. అయితే వెతకకుండా ఆ వాక్యం రాయడం అబద్ధం అవుతుంది, మన ఫైలులో నకలు బయటపడిన రోజున ఆ ఒక్క వాక్యమే మన మెడకు చుట్టుకుంటుంది. అందుచేత వెతికిన ఫైలు నంబరును నోట్ ఫైలులో రాసి పెట్టండి.

రెండో అంశానికి బదిలీ ఉత్తరం నేనైతే ఇలా రాస్తాను:

"విషయం: సమాచార హక్కు చట్టం, 2005 – సెక్షన్ 6(3) – దరఖాస్తులోని 2వ అంశం బదిలీ. పై దరఖాస్తు ఈ కార్యాలయానికి 3వ తేదీన అందినది. అందులోని 2వ అంశం చెరువు పూడికతీత పనికి ఉపాధి హామీ కింద అయిన ఖర్చుకు, మస్టర్ రోళ్లకు సంబంధించినది. ఈ రికార్డులను మీ కార్యాలయం నిర్వహిస్తుంది. ఈ కార్యాలయపు చెరువు ఫైలులో వెతకగా నకళ్లు లభించలేదు. కాబట్టి 2వ అంశాన్ని మాత్రమే మీకు బదిలీ చేస్తున్నాము; సమాచారాన్ని నేరుగా దరఖాస్తుదారుకు ఇవ్వగలరు. 1, 4 అంశాలకు ఈ కార్యాలయం జవాబిస్తుంది. 3వ అంశం నీటిపారుదల సబ్ డివిజన్ కార్యాలయానికి విడిగా బదిలీ అయినది. దరఖాస్తు రుసుము ఈ కార్యాలయంలో చెల్లించబడినది. జత: దరఖాస్తు నకలు."

దీని ప్రతి దరఖాస్తుదారుకు అదే రోజు వెళ్లాలి; బదిలీ సంగతి ఆయనకు వెంటనే తెలియజేయాలన్నది చట్టంలోని మాటే. రుసుము వాక్యాన్ని నేను కావాలని చేర్చుతాను. మండల స్థాయిలో కట్టేది 5 రూపాయలే అయినా, అది కట్టినట్లు రాయకపోతే రెండో కార్యాలయం రుసుము లేదని దరఖాస్తును పక్కన పెట్టిన సందర్భాలు చూశాను. అధికారి పేరు కాకుండా హోదా రాయండి; బదిలీపై వెళ్లిపోయిన వ్యక్తి పేరు మీద కవరు ఆయన వెంటే ఊళ్లు తిరుగుతుంది.

5 రోజుల లెక్కలో కూడా కొందరు పొరబడ్డారు. చట్టం పనిదినాలు అనలేదు. మన దరఖాస్తు 3వ తేదీ మంగళవారం అందింది కాబట్టి ఐదో రోజు 8వ తేదీ ఆదివారం. చివరి రోజు కార్యాలయం మూసి ఉంటే మరుసటి పనిదినాన చేసినా చెల్లుతుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 10 అనుమతిస్తుంది గనుక 9వ తేదీ సోమవారం పంపినా నిలుస్తుంది. నేను మాత్రం ఆ వెసులుబాటును లెక్కలోకి తీసుకోను. దరఖాస్తు రాగానే కుడి పై మూలన అందిన తేదీ, ఐదో తేదీ ఎర్ర పెన్సిలుతో వేసి, మూడో రోజుకే ఉత్తరం డిస్పాచ్‌కు ఇచ్చేస్తాను.

ఆరో రోజున గాని, పన్నెండో రోజున గాని ఆ దరఖాస్తు మీ కంటపడితే? గడువు దాటిందని తిరిగి దరఖాస్తుదారుకు పంపకూడదు, ఫైలు అడుగున పెట్టకూడదు, వెనకటి తేదీ వేయడం సరేసరి. ఆ రోజే బదిలీ చేసి, ఆలస్యమైందని, ఎందుకైందని ఒక వాక్యంలో రాయాలి. సహేతుక కారణం లేని జాప్యానికి సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా అధికారిపై పడవచ్చు. ముందే రాసి ఉన్న కారణమే విచారణలో పనికివస్తుంది, తరువాత అల్లినది కాదు. ఇంకో మాట: బదిలీ చేసిన అంశాలకు 30 రోజుల గడువు అందుకున్న కార్యాలయానికి అందిన తేదీ నుంచి నడుస్తుంది గాని, మన వద్ద మిగిలిన 1, 4 అంశాలకు గడువు 3వ తేదీ నుంచే నడుస్తోంది. భాగం పంపేశాక మిగతా భాగాన్ని మరచిపోవడం చాలా మామూలు.

ఈసారి అభ్యాసం కొంచెం కష్టమే. మీరు మండల పరిషత్ కార్యాలయంలో ఉన్నారనుకోండి. ఒక పౌరుడు ఒకే దరఖాస్తులో ఇవి అడిగాడు: ప్రాథమిక పాఠశాల మరుగుదొడ్ల నిర్మాణానికి మీ మండల పరిషత్ విడుదల చేసిన నిధుల వివరాలు, అదే పాఠశాలలో ఉపాధ్యాయుల హాజరు రిజిస్టరు నకలు, ఆ నిర్మాణాన్ని తనిఖీ చేసిన మీ కార్యాలయపు ఇంజనీరింగ్ విభాగం నివేదిక, ఆ పాఠశాల మీద మండల విద్యాధికారి మీకు పంపిన ఫిర్యాదు నకలు. దరఖాస్తు 11వ తేదీ బుధవారం అందింది. మీ బల్ల మీదకు 17వ తేదీ మంగళవారం వచ్చింది. ఏ అంశం ఎక్కడికి, ఏ సెక్షన్ కింద వెళ్లాలో ఒక్కొక్క వాక్యంలో కారణం రాసి, వెళ్లవలసిన ఉత్తరాలన్నీ పూర్తిగా రాసి పంపండి. దరఖాస్తుదారుకు వెళ్లే ఉత్తరంలో ఆలస్యం గురించిన వాక్యం ఉండాలి, అందులో "అనివార్య కారణాల వల్ల" అన్న మాట ఉండకూడదు.