పార్ట్‌నర్‌షిప్ ప్రాబ్లం ప్రశ్నకి జవాబు రాయడం ఎలా? తేదీలు తప్పితే సెక్షన్లు కాపాడవు

ఎల్‌ఎల్‌బీ పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు నాకు విసుగు పుట్టించేది ఒకటే. ప్రశ్నలో నలుగురు మనుషులు, నాలుగు లావాదేవీలు ఉంటే, జవాబు మాత్రం సెక్షన్ 4 నిర్వచనంతో మొదలై రెండు పేజీలు అక్కడే తిరుగుతుంది. నిర్వచనం ఎవరూ అడగలేదు. "పెంచలయ్య చేసిన అప్పుకి మస్తాన్ జవాబుదారీయా?" అని అడిగారు. దానికి జవాబు కావాలి.

కావలసిన సరంజామా చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం, ఒక తెల్లకాగితం, పెన్ను చాలు. గైడు పక్కన పెట్టండి. ప్రశ్న రెండుసార్లు చదవండి, పాత్రల పేర్లు రాసుకోండి, ఫర్మ్ వ్యాపారం ఏమిటో ఒక ముక్కలో రాసుకోండి. ఇక ప్రశ్నలోకి వెళదాం. ఇది నేను పిల్లలకి ఇచ్చేదే.

కావలిలో పెంచలయ్య, మాలకొండయ్య, మస్తాన్ కలిసి రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నారు. కాలపరిమితి లేదు, లాభాల వాటాలు రాసుకోలేదు. ఐదు లక్షలకి మించి అప్పు మీద సరుకు కొనాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలని మాత్రం డీడ్‌లో ఉంది. ఫిబ్రవరిలో పెంచలయ్య ఎవరికీ చెప్పకుండా ఫర్మ్ పేరు మీద రెండెకరాల చెరువు భూమి కొంటానని అగ్రిమెంట్ రాశాడు. మార్చి 28న మాలకొండయ్య, ఫర్మ్ రద్దు చేద్దామంటూ తేదీ ఏదీ చెప్పకుండా మిగతా ఇద్దరికీ నోటీసు రాశాడు. అది వాళ్ళకి ఏప్రిల్ 2న అందింది. మార్చి 30న పెంచలయ్య నెల్లూరు డీలర్ దగ్గర ఫర్మ్ పేరుతో ఎనిమిది లక్షల మేత అప్పు మీద తెచ్చాడు. డీలర్‌కి డీడ్ సంగతి తెలియదు. ఏప్రిల్ 10న అదే డీలర్ దగ్గర ఫర్మ్ పేరుతోనే ఇంకో రెండు లక్షల మేత అప్పు మీద తెచ్చి, సొంతంగా అమ్ముకున్నాడు. ఏప్రిల్ 15న మస్తాన్ అల్లూరు రైతు దగ్గర పాత బాకీ లక్ష వసూలు చేసి రసీదు ఇచ్చాడు. బహిరంగ ప్రకటన ఎవరూ ఇవ్వలేదు.

ముందు తేలికైనవి తీసేద్దాం. భూమి సంగతి సెక్షన్ 19(2)లో నేరుగా ఉంది. వ్యాపార ఆచారం లేకపోతే ఫర్మ్ తరఫున స్థిరాస్తి కొనే అధికారం ఒక్క పార్ట్‌నర్‌కి ఉండదు. ఫర్మ్ కట్టుబడదు, పెంచలయ్య తన తంటా తాను పడాలి.

ఎనిమిది లక్షల మేత వేరు. మేత వ్యాపారంలో మేత కొనడం మామూలు పని, కొన్నది ఫర్మ్ పేరునే. కాబట్టి సెక్షన్లు 18, 19, 22 కింద ఫర్మ్‌ని కట్టేస్తుంది. డీడ్‌లోని ఐదు లక్షల పరిమితి సంగతి డీలర్‌కి తెలియదు గనుక సెక్షన్ 20 ప్రకారం అతని మీద అది పనిచేయదు. ఇక సెక్షన్ 25. డీలర్ మస్తాన్ ఒక్కడి మీదే దావా వేసి ఎనిమిది లక్షలూ అడగొచ్చు. "నా వాటా మూడో వంతే" అన్న మాట డీలర్ ముందు చెల్లదు, అది ముగ్గురి మధ్య లెక్కల్లోనే చెల్లుతుంది. ఫర్మ్ రిజిస్టర్ కాలేదని సెక్షన్ 69 పట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ సెక్షన్ అడ్డుకునేది ఫర్మ్ బయటివాళ్ళ మీద వేసే దావాలనీ, పార్ట్‌నర్లు ఫర్మ్ మీదో ఒకరి మీద ఒకరో వేసే దావాలనీ. డీలర్ ఫర్మ్ మీద వేసే దావాకి దానితో పనిలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. దయచేసి ఇక్కడ నెమ్మదించండి.

ఫర్మ్ ఏ రోజు రద్దయింది? కాలపరిమితి లేదు కాబట్టి ఇది ఇష్టానుసార భాగస్వామ్యం. సెక్షన్ 43 ప్రకారం రాతపూర్వక నోటీసు చాలు. నోటీసులో తేదీ చెబితే ఆ తేదీ, చెప్పకపోతే నోటీసు తెలియజేసిన తేదీ. ఇక్కడ తేదీ చెప్పలేదు, అందరికీ అందింది ఏప్రిల్ 2న. కాబట్టి రద్దు ఏప్రిల్ 2. చాలామంది మార్చి 28 పట్టుకుంటారు, అది నోటీసు రాసిన రోజు మాత్రమే. 28 అని పెట్టుకుంటే మార్చి 30 నాటి ఎనిమిది లక్షలు రద్దు తరువాతి అప్పైపోయి జవాబు మొత్తం పక్కకి పోతుంది. కాగితం మీద ఒక గీత గీసి, మధ్యలో ఏప్రిల్ 2 రాసి, ఒక్కో లావాదేవీని ఎడమకో కుడికో పెట్టండి. గీత లేకుండా జవాబు మొదలుపెట్టొద్దు. ఇది నా నియమం.

గీతకి కుడివైపు ఉన్నవాటికి రెండు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవాలి, కలిపేస్తే చిక్కే. మొదటిది, ఆ పార్ట్‌నర్‌కి నిజంగా అధికారం ఉందా? దానికి సెక్షన్ 47. వ్యాపారం మూసేయడానికీ, మొదలుపెట్టి ఆగిన పనులు పూర్తిచేయడానికీ మాత్రమే అధికారం మిగులుతుంది. మస్తాన్ పాత బాకీ వసూలు చేయడం అందులోకే వస్తుంది. రసీదు చెల్లుతుంది, రైతు మళ్ళీ కట్టక్కర్లేదు. పెంచలయ్య తెచ్చిన రెండు లక్షల మేత కొత్త వ్యాపారం, అధికారం లేదు.

చాలా జవాబులు ఇక్కడ ఆగిపోయి "కాబట్టి మిగతావారు బాధ్యులు కారు" అని రాసేస్తాయి. తప్పు. రెండో ప్రశ్న మిగిలే ఉంది: అధికారం లేకపోయినా బయటివాడికి బాధ్యులవుతారా? దానికి సెక్షన్ 45. రద్దుకి ముందు చేసుంటే ఫర్మ్ పని అయ్యేదాన్ని రద్దు తర్వాత చేసినా, బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా పార్ట్‌నర్లందరూ బాధ్యులే. ప్రకటన అంటే ఏమిటో సెక్షన్ 72 చెబుతుంది: గెజిట్‌లోనూ, ఫర్మ్ ఉన్న జిల్లాలో తిరిగే స్థానిక భాషా పత్రిక ఒకదానిలోనూ రావాలి, రిజిస్టరైన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్‌కి కూడా నోటీసు వెళ్ళాలి. ముగ్గురూ మాట్లాడుకుని దుకాణం షట్టర్ దించితే సరిపోదు. కాబట్టి రెండు లక్షలకి మాలకొండయ్య, మస్తాన్ కూడా డీలర్‌కి బాధ్యులే. వాళ్ళు కడితే అధికారం లేకుండా కొన్న పెంచలయ్య దగ్గర రాబట్టుకోవచ్చు, కానీ ఆ పేచీతో డీలర్‌కి సంబంధం లేదు.

పరీక్షకుడు ఒక మెలిక పెట్టడం మామూలే: ఏప్రిల్ 5న మాలకొండయ్య చనిపోయాడనుకోండి. సెక్షన్ 45 మినహాయింపు ప్రకారం, ఆ తరువాత జరిగిన ఏప్రిల్ 10 కొనుగోలుకి అతని ఆస్తి బాధ్యత వహించదు. మార్చి 30 అప్పుకి మాత్రం వహిస్తుంది. గీత గీసుకున్నవాడికి ఇది చిటికెలో పని.

చివరిది లెక్క. మూలధనాలు పెంచలయ్యవి ఆరు, మాలకొండయ్యవి నాలుగు, మస్తాన్‌వి రెండు లక్షలు. మాలకొండయ్య ఫర్మ్‌కి విడిగా రెండు లక్షలు అప్పిచ్చాడు. ఆస్తులన్నీ అమ్మితే, వసూళ్ళతో కలిపి పదహారు లక్షలొచ్చాయి. బయటి అప్పులు పదకొండు: డీలర్‌కి ఎనిమిది, బ్యాంకుకి మూడు. ఏప్రిల్ 10 నాటి రెండు లక్షలు పెంచలయ్య ఖాతాలో పెట్టి, ఈ లెక్కలోకి రానివ్వను.

సెక్షన్ 48 వరస తప్పొద్దు. ముందు బయటివాళ్ళకి పదకొండు, మిగిలింది ఐదు. తరువాత మాలకొండయ్య అప్పు రెండు, మిగిలింది మూడు. మూలధనం మొత్తం పన్నెండు, కాబట్టి లోటు తొమ్మిది. ఈ తొమ్మిదిని మూలధనాల నిష్పత్తిలో పంచేవాళ్ళే ఎక్కువ. వద్దు. వాటాలు రాసుకోలేదు గనుక సెక్షన్ 13 ప్రకారం లాభనష్టాలు సమానం, తలా మూడు లక్షలు. పెంచలయ్యకి మూడు రావాలి, మాలకొండయ్యకి ఒకటి, మస్తాన్ ఎదురు ఒక లక్ష తేవాలి. చేతిలోని మూడు, మస్తాన్ తెచ్చే ఒకటి కలిపితే ఆ నాలుగూ సరిపోతాయి.

మస్తాన్ దివాలా తీశాడని ప్రశ్నలో ఉంటే, గార్నర్ వర్సెస్ ముర్రే (1904) పేరు రాసి, అతను తేలేని లక్షని మిగతా ఇద్దరి మధ్య సమానంగా కాక మూలధనాల చొప్పున ఆరుకి నాలుగుగా వేయండి. పెంచలయ్యకి రెండు లక్షల నలభై వేలు, మాలకొండయ్యకి మూలధనం కింద అరవై వేలు మిగులుతాయి.