పరిణామాన్ని చదవడం – 4వ పాఠం: చర్మం రంగు, ఎండ లెక్క

పోయిన పాఠంలో ఒక ప్రశ్న నేర్చుకున్నాం. ఒక లక్షణం ప్రకృతి వరణం వల్లే నిలిచిందని ఎవరైనా అంటే, "దానివల్ల బతికి బట్టకట్టిన పిల్లల సంఖ్య పెరిగిందా?" అని అడగాలి. ఇవాళ దాన్ని చర్మం రంగు మీద వాడదాం.

భూమధ్యరేఖ దగ్గరివాళ్లు నల్లగా ఎందుకుంటారంటే చాలామంది ఠక్కున చెప్పే జవాబు చర్మ క్యాన్సర్. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది, నిజమే. కానీ ఈ క్యాన్సర్లు ఎక్కువగా నడివయసు దాటాకే వస్తాయి. అప్పటికి పిల్లలు పుట్టేసి ఉంటారు. మన ప్రశ్నకు ఈ జవాబు సరిగ్గా నిలవదు. అలాగని పూర్తిగా కొట్టిపారేయకండి. ఆఫ్రికాలో అల్బినిజం ఉన్నవాళ్లకు, అంటే పుట్టుకతోనే మెలనిన్ బాగా తక్కువగా ఉన్నవాళ్లకు, చిన్న వయసులోనే ఈ క్యాన్సర్ వస్తుంది.

పరిశోధకులు నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ 2000లో ఇంకో కారణాన్ని ముందుకు తెచ్చారు: ఫోలేట్. ఆకుకూరల్లో దొరికే ఈ విటమిన్‌ను ఎండ పాడుచేస్తుంది. 1978లో జరిగిన ఒక ప్రయోగంలో, మనిషి రక్తంలోని ప్లాస్మాను తీవ్రమైన కృత్రిమ ఎండలో ఉంచితే గంటలో 30 నుంచి 50 శాతం ఫోలేట్ పోయింది. అది గాజుపాత్రలో జరిగిన పని, ఒంట్లో నష్టం అంతే ఉంటుందని చెప్పలేం. కానీ గర్భంలో మొదటి నెలలోనే, తల్లికి ఇంకా తెలియకముందే, బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుకట్టడానికి ఫోలేట్ కావాలి. లోపిస్తే బిడ్డే దక్కకపోవచ్చు. ఇది నేరుగా పిల్లల లెక్క.

మరి ఉత్తరాన అంత మెలనిన్ ఎందుకు తగ్గింది? అక్కడ లెక్క తిరగబడుతుంది. చర్మంలో విటమిన్ డి తయారవ్వాలంటే అతినీలలోహిత బి కిరణాలు కావాలి. 42 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండలో నిలబడ్డా అది తయారుకాదు. మిగతా నెలల్లోనే కూడబెట్టుకోవాలి. మెలనిన్ ఎక్కువైతే అదీ తగ్గిపోతుంది. విటమిన్ డి లేక, ఎముకలు మెత్తబడే రికెట్స్ వచ్చిన ఆడపిల్లకు కటి ఎముకలు వంకరపోతే, రేపు కాన్పు కష్టమై తల్లీబిడ్డల ప్రాణాల మీదికి వస్తుంది. ఇదీ మన ప్రశ్నకు నిలిచింది.

వివరణ గట్టిదో కాదో తేలేది మినహాయింపుల దగ్గర. ఆర్కిటిక్‌లోని ఇన్యూట్లు ఆ అక్షాంశానికి ఉండాల్సిన దానికన్నా నల్లగా ఉంటారు. వాళ్ల తిండి చూడండి: కొవ్వు చేపలు, సీల్, తిమింగలం. విటమిన్ డి అందులోంచే వస్తుంది, ఎండ మీద ఆధారపడక్కర్లేదు. పైగా వేసవిలో మంచు మీంచి ఎండ తిరిగి కొడుతుంది.

అభ్యాసం: స్పెయిన్‌లోని లా బ్రాన్యా గుహలో దొరికిన వేటగాడు సుమారు 7,000 ఏళ్ల కిందటివాడు. చర్మం నల్లగా, కళ్లు నీలంగా ఉండేవని అతని డీఎన్ఏ సూచిస్తోంది. అతని పూర్వీకులు ఐరోపాలో వేల ఏళ్లుగా ఉన్నారు. అయినా చర్మం ఎందుకు తెల్లబడలేదు? తిండి వైపు నుంచి ఒక జవాబు, జన్యువుల వైపు నుంచి ఒక జవాబు రాయండి. వ్యవసాయం ఐరోపాకు చేరినప్పుడు ఏమైందో వచ్చే పాఠంలో చూసి, వాటిని సరిపోల్చుకుందాం.