పన్నుల లెక్క నేర్చుకుందాం – 4వ పాఠం: చట్టం మారకుండానే పన్ను ఎందుకు మారుతుంది?

పోయిన పాఠంలో సగటు రేటుకీ ఉపాంత రేటుకీ తేడా చూశాం. మొత్తం ఆదాయంలో పన్ను ఎంత వంతో చెప్పేది సగటు రేటు. చివరగా సంపాదించిన ఒక్క యూనిట్ మీద ఎంత పన్ను పడుతుందో చెప్పేది ఉపాంత రేటు. ఈ పాఠమంతా ఆ తేడా మీదే నడుస్తుంది, కాబట్టి అది ఇంకా కుదురుకోకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి చూసి రండి.

మాంద్యం వచ్చినప్పుడు ఏ చట్టసభా సమావేశం కాకుండానే జనం కట్టే పన్ను తగ్గిపోతుంది. మంచి రోజులు రాగానే మళ్లీ పెరుగుతుంది. స్లాబులు, రేట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. మారేది ఆదాయం మాత్రమే. దీన్ని ఆటోమేటిక్ స్టెబిలైజర్ అంటారు, తెలుగులో స్వయంచాలక స్థిరీకరణ అనుకోవచ్చు. పేరు గుర్తుపెట్టుకోవడం కంటే అది ఎంత దెబ్బ కాస్తుందో లెక్కగట్టడం వచ్చి తీరాలి. ఈరోజు నేర్చుకోబోయేది అదే.

ఒక పన్ను పద్ధతి తీసుకుందాం. మొదటి 40 యూనిట్ల ఆదాయం మీద పన్ను లేదు. 40 నుంచి 80 దాకా 10 శాతం. 80 దాటిన దాని మీద 30 శాతం. ఒకరి ఆదాయం 100 అయితే మధ్య స్లాబులో 4, పై స్లాబులో 6, మొత్తం 10 పన్ను. చేతికి వచ్చేది 90.

ఇప్పుడు ఆదాయం 90కి పడిపోయింది. మధ్య స్లాబు పన్ను 4 అలాగే ఉంది. పై స్లాబులో 10 యూనిట్లే మిగిలాయి, దాని మీద 3. మొత్తం 7. చేతికి 83 వస్తుంది. ఆదాయం 10 తగ్గితే చేతిలో డబ్బు 7 మాత్రమే తగ్గింది. మిగతా 3 ఖజానా భరించింది. అంటే దెబ్బలో 30 శాతం పన్ను వ్యవస్థే మింగేసింది. ఆ 30 కొత్త అంకె కాదని గమనించండి, అది ఆ మనిషి ఉపాంత రేటు.

ఇదే లెక్కని ఖజానా వైపు నుంచి చూద్దాం. ఆదాయం 10 శాతం తగ్గింది, పన్ను 10 నుంచి 7కి, అంటే 30 శాతం తగ్గింది. పన్ను తగ్గిన శాతాన్ని ఆదాయం తగ్గిన శాతంతో భాగిస్తే 3 వస్తుంది. దీన్ని పన్ను వ్యాకోచత్వం అంటారు. ఉపాంత రేటుని సగటు రేటుతో భాగించినా ఇదే వస్తుంది: 30ని 10తో భాగిస్తే 3.

చాలామంది తడబడేది ఇక్కడే. వ్యాకోచత్వం ఎక్కువగా ఉంటే జనానికి రక్షణ కూడా ఎక్కువని అనుకుంటారు. నేనూ మొదట్లో చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇంకో పద్ధతి పెట్టి చూడండి: మినహాయింపు లేదు, స్లాబులు లేవు, మొత్తం ఆదాయం మీద 30 శాతం. ఆదాయం 100 అయితే పన్ను 30, 90 అయితే 27. వ్యాకోచత్వం 1 మాత్రమే. కానీ ఖజానా భరించింది మళ్లీ ఆ 3 యూనిట్లే. కాబట్టి ఎన్ని యూనిట్ల దెబ్బ ఆగిందో తెలియాలంటే ఉపాంత రేటు చూడాలి. ఖజానా రాబడి ఎంత ఊగుతుందో తెలియాలంటే వ్యాకోచత్వం చూడాలి. రెండు ప్రశ్నలు వేరు, రెండు జవాబులూ వేరు.

ఇప్పుడు ఒక మనిషి నుంచి మొత్తం ఆర్థిక వ్యవస్థకి వెళ్దాం. కంపెనీలు పెట్టుబడిని 10 యూనిట్లు తగ్గించాయనుకోండి. ఎవరికో 10 ఆదాయం పోతుంది. చేతికొచ్చే దానిలో 80 శాతం ఖర్చు పెట్టేవాళ్లయితే వాళ్లు 8 తక్కువ ఖర్చు పెడతారు. ఆ 8 ఇంకొకరి ఆదాయం, వాళ్లు 6.4 తగ్గిస్తారు. ఇలా గొలుసు సాగుతూనే ఉంటుంది. పన్నే లేకపోతే చివరికి మొత్తం నష్టం:

```
10 / (1 - 0.8) = 50
```

ఉపాంత రేటు 30 శాతం ఉంటే ప్రతి మెట్టులోనూ పోయిన ఆదాయంలో 70 శాతమే చేతి దాకా వస్తుంది:

```
10 / (1 - 0.8 × 0.7) = 22.7
```

మొదటి దెబ్బ చివరికి ఎన్ని రెట్లు అవుతుందో చెప్పేదాన్ని గుణకం అంటారు. అసలు ప్రపంచంలో దిగుమతులు, ఇతర కారణాల వల్ల అది ఇంత పెద్దగా ఉండదు, అందుకే 50 అనే అంకెని పట్టుకోకండి. చూడాల్సింది నష్టం సున్నా కాలేదన్న సంగతి. పన్ను పతనాన్ని మెత్తబరుస్తుంది, ఆపదు. ఇంకో షరతు కూడా ఉంది. ప్రభుత్వం లోటు పెరగనివ్వాలి. రాబడి తగ్గిందని వెంటనే ఖర్చు కోస్తే, కాచిన దెబ్బే ఇంకో దారిలో తిరిగొస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలకి బడ్జెట్ సమతూకంగా ఉండాలన్న నియమం ఉంది, అందువల్ల మాంద్యంలో సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

నిజమైన అంకెలు చదివేటప్పుడు జాగ్రత్త కావాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వ రాబడి 2007 ఆర్థిక సంవత్సరంలో సుమారు 2.57 లక్షల కోట్ల డాలర్లు. 2009లో అది సుమారు 2.1 లక్షల కోట్లకి పడిపోయింది, అంటే దాదాపు 18 శాతం. కార్పొరేట్ పన్ను ఒక్కటే సుమారు 37,000 కోట్ల నుంచి 13,800 కోట్లకి జారింది. కంపెనీ లాభం అనేది అమ్మకాల్లోంచి ఖర్చులు పోగా మిగిలేది. అమ్మకం 1000, ఖర్చు 900 అయితే లాభం 100. అమ్మకం 950కి తగ్గి, ఖర్చు 880 దాకానే తగ్గితే లాభం 70. అమ్మకంలో 5 శాతం తగ్గుదల లాభంలో 30 శాతం అయింది. జీతాలు, అద్దెలు, వడ్డీలు అంత త్వరగా తగ్గవు కదా.

అయితే ఆ 18 శాతమంతా స్టెబిలైజర్ పనేనా? కాదు. ఆ మధ్యలో 2008లోనూ 2009లోనూ పన్ను రాయితీల చట్టాలు వచ్చాయి. చట్టం మార్పులు కూడా కలిసిన మొత్తం స్పందనని పన్ను బోయన్సీ అంటారు. చట్టం మార్పుల వల్ల వచ్చిన తేడాని తీసేసి, పాత చట్టమే ఉంటే ఎంత వచ్చేదో లెక్కగడితేనే వ్యాకోచత్వం దొరుకుతుంది. ఎవరైనా ఒక అంకె చూపిస్తే మొదట అడగాల్సింది, ఈ రెండేళ్ల మధ్య రేట్లు, మినహాయింపులు మారాయా అని.

ఈ ఏర్పాటులో నాకు ఎప్పుడూ బాధ కలిగించే లోపం ఒకటి ఉంది. ఆదాయం 35 ఉన్నవాళ్లు 25కి పడితే పన్ను సున్నా నుంచి సున్నాకే. పోయిన 10కి 10 వాళ్ల మీదే పడుతుంది. ఆదాయపు పన్ను ఇచ్చే రక్షణ, పన్ను కట్టేవాళ్లకే అందుతుంది. అందరికంటే ముందు ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చేది మాత్రం కిందున్నవాళ్లు. నిరుద్యోగ భృతి లాంటివి ఈ ఖాళీని ఎలా పూరిస్తాయో 5వ పాఠంలో చూద్దాం.

ఈలోగా ఒక అభ్యాసం. ఇందాకటి స్లాబుల పద్ధతిలోనే ఒకరి ఆదాయం 45 నుంచి 35కి తగ్గింది. ఖజానా ఎంత భరించింది? ముందు మీరు కాగితం మీద చేసి, తర్వాత కింద చూడండి.

జవాబు: 45 మీద పన్ను 0.5, 35 మీద సున్నా. చేతికొచ్చేది 44.5 నుంచి 35కి, అంటే 9.5 తగ్గింది. ఖజానా భరించింది 0.5, దెబ్బలో 5 శాతం. ఉపాంత రేటు 10 శాతం కదా, మరి 5 ఎందుకొచ్చిందని అనిపిస్తే, పోయిన 10 యూనిట్లలో పన్ను పడేవి 5 మాత్రమే. మిగతా 5 మినహాయింపు గీత కింద ఉన్నాయి.